గొడవయ్యాక పెట్టే ఆ ఒక్క పిన్ కామెంట్: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో అమ్మ వండుతుంది, నేను వీడియో తీసి పెడతాను. ఒక వేసవిలో ఆవకాయ వీడియో పెట్టాం. ఉప్పు కొలత చెప్పేటప్పుడు అది కల్లుప్పు అన్న ఒక్క మాట వదిలేశాం. మూడు రోజులు తిట్లు తిన్నాక, వీడియో కింద ఒకే ఒక్క వివరణ రాసి పైన పిన్ చేశాం. అది తెలిసినప్పటి నుంచి వంటల ఛానళ్లు నడిపేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరికి ఇలాంటి గొడవ వచ్చినా నన్నే అడుగుతున్నారు. ప్రశ్నలు దాదాపు అవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## రాయక ముందు

కోపంగా నాలుగు కామెంట్లు రాగానే పిన్ చెయ్యాలా, కొంచెం ఆగాలా?

ఎన్ని వచ్చాయన్నది కాదు, ఒకే సంగతి మీద వచ్చాయా లేదా అన్నది చూడండి. ఒకరు నూనె ఎక్కువంటే, ఇంకొకరు మైకులో మాట సరిగా వినపడలేదంటే, మరొకరు అసలు ఇలా చెయ్యకూడదంటే ఆగొచ్చు. ఒకరికొకరు తెలియని ముగ్గురు ఒకే చోట వేలు పెట్టి చూపిస్తే మాత్రం తప్పు మీ దగ్గరే ఉండే అవకాశం ఎక్కువ.

మా ఆవకాయ వీడియో కింద మొదటి రోజు వచ్చిన మూడు ఫిర్యాదులూ ఉప్పు గురించే. ‘నోట్లో పెట్టుకోలేకపోతున్నాం’ అని ఒకరు, ‘అమ్మా, మీ మాట నమ్మి పది కిలోల కాయ పెట్టాను’ అని ఇంకొకరు. మేము మాత్రం వాళ్లకు కొలవడం రాలేదనుకుని రెండు రోజులు ఊరుకున్నాం. మే నెల నడుస్తోంది, ఊరంతా కాయ కొడుతున్న రోజులు. మేము ఊరుకున్న ప్రతి గంటా ఎవరో ఒకరు ఆ వీడియో చూస్తూ బేసిన్‌లో ఉప్పు పోస్తూనే ఉన్నారు. చూసినవాళ్లు వెంటనే చేసేసే పని అయితే ఆగకూడదన్నది నాకు అప్పుడు అర్థమైంది.

ఒక్కొక్కరికి విడివిడిగా జవాబిస్తే సరిపోదా? అదే మర్యాద కదా?

మర్యాదే, కానీ మాట మారిపోతుంది. నేను ముందు అదే చేశాను. పద్నాలుగు మందికి విడివిడిగా జవాబు రాశాను, ఒక్కొక్కటి ఒక్కో సమయంలో, కొన్ని ఆఫీసు నుంచి వస్తూ బస్సులో. ఒకావిడకు ‘ఉప్పు కొంచెం తగ్గించండి’ అన్నాను. ఇంకొకరికి ‘రెండు గ్లాసులు చాలండీ’ అన్నాను. మూడో ఆయనకు ‘మేము వేసింది కల్లుప్పు సార్’ అని రాశాను. ముగ్గురికీ నేను చెప్పాలనుకున్నది ఒకటే. సాయంత్రానికి ఎవరో ఆ మూడూ స్క్రీన్‌షాట్ తీసి పక్కపక్కన పెట్టి, ‘అసలు కొలత ఏదో వీళ్లకే తెలీదు’ అని రాశారు. నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే చదివితే నిజంగా అలాగే ఉంది.

ఇంకో చిక్కు ఉంది. ఒక తిట్టు కింద జవాబుల మీద జవాబులు పడితే ఆ తిట్టే సాధారణంగా పైకి వచ్చి కూర్చుంటుంది. మీరిచ్చిన వివరణ మాత్రం దాని కింద మడతలో ఉండిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు కనిపించేది తిట్టు ఒక్కటే.

పోస్టే తీసేస్తే గొడవ వదిలిపోదా?

చూడనివాళ్లకు వదిలిపోతుంది. అప్పటికే చేసేసినవాళ్ల గతేంటి? ఆవకాయ కలిపినవాళ్లు మూడో రోజు జాడీ మూత తీసి, తిరగకలిపి, రుచి చూసి, అప్పుడు మళ్లీ మీ దగ్గరికే వస్తారు, ఇప్పుడేం చెయ్యాలని అడగడానికి. వచ్చేసరికి వీడియో లేకపోతే అసలు కోపం అప్పుడు మొదలవుతుంది. పైగా అప్పటికే ఆ ముక్క డౌన్‌లోడ్ అయి ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోందో మీకు తెలియదు. దాని పక్కన మీ సవరణ ఉండదు.

మాటతో సరిచెయ్యలేని ప్రమాదం ఉంటే మాత్రం తీసెయ్యండి. కుక్కర్ వాడే పద్ధతే తప్పుగా చూపించారనుకోండి, దాని కింద కామెంట్ పెట్టి ఊరుకుంటే కుదరదు.

పోస్టులోనే సరిచేసేస్తే చాలదా? మళ్లీ కామెంట్ ఎందుకు?

రాసిన పోస్టయితే సరిచెయ్యండి, చెయ్యాలి కూడా. కానీ చప్పుడు చెయ్యకుండా సరిచేస్తే, అంతకుముందు కోప్పడినవాళ్లందరూ అబద్ధాలాడినట్టు కనిపిస్తారు. పైన కొలత సరిగ్గా ఉంటుంది, కింద నలభై మంది కొలత తప్పని అరుస్తుంటారు. వాళ్లు తిరిగి వచ్చి చూసుకుంటే ఏమవుతుందో ఊహించుకోండి. ఫేస్‌బుక్‌లో అయితే పోస్టు మార్చిన చరిత్ర ఎవరైనా తెరిచి చూడొచ్చు, కాబట్టి దాచాలనుకున్నా దాగదు.

యూట్యూబ్‌లో ఒకసారి ఎక్కించిన వీడియో స్థానంలో, అదే లింకు మీద, వేరే వీడియో పెట్టడం కుదరదు. కొంత ముక్క కత్తిరించొచ్చు, టైటిల్, డిస్క్రిప్షన్ మార్చొచ్చు, అంతే. తప్పు మాట అమ్మ నోటి నుంచి అలా వినపడుతూనే ఉంటుంది. అందుకే డిస్క్రిప్షన్‌లో కొలత మార్చి, మార్చామన్న సంగతి పిన్ కామెంట్‌లో చెప్పాం.

## రాసేటప్పుడు

ఎంత పొడుగు రాయాలి?

పొడుగైన కామెంట్‌ను ఫోన్‌లో మొదటి నాలుగైదు లైన్లు చూపించి మిగతాది మడిచేస్తారు, కింద Read more అని ఉంటుంది. దాన్ని నొక్కేవాళ్లు తక్కువ, కోపంలో ఉన్నవాళ్లు ఇంకా తక్కువ. కాబట్టి తప్పేంటి, సరైనదేంటి అన్న రెండూ ఆ మడత పైనే అయిపోవాలి. ‘అందరికీ నమస్కారం, మా ఛానల్‌ను ఇంతగా ఆదరిస్తున్న మీకు’ అని మొదలుపెట్టారా, ఆ నాలుగు లైన్లూ నమస్కారానికే ఖర్చయిపోతాయి.

రాశాక కంప్యూటర్‌లో కాదు, చిన్న ఫోన్‌లో తెరిచి చూడండి. తెలుగు అక్షరాలు చోటు ఎక్కువ తీసుకుంటాయి. కంప్యూటర్‌లో రెండు లైన్లు ఉన్నది ఫోన్‌లో ఐదవుతుంది.

మీరు పెట్టింది ఒకసారి చూపిస్తారా?

ఇదీ, తర్వాత చేర్చిన మాటలు కూడా కలిపి:

> ఉప్పు కొలత సరిచేశాం. వీడియోలో 6:40 దగ్గర ‘రెండున్నర గ్లాసుల ఉప్పు’ అన్నాం. అది కల్లుప్పు (దొడ్డుప్పు) కొలత, ఆ మాట చెప్పడం మర్చిపోయాం. తప్పు మాదే. 2 కిలోల ముక్కలకు ఏ ఉప్పయినా తూకంలో 450 గ్రాములు వెయ్యండి. ప్యాకెట్ మెత్తటి ఉప్పయితే మా గ్లాసుతో రెండుకు కాస్త వెలితి.
>
> ఇప్పటికే మెత్తటి ఉప్పు రెండున్నర గ్లాసులు కలిపేసినవాళ్లు: పచ్చడి పారెయ్యకండి. ఇంకో 650–700 గ్రాముల కాయ ముక్కలు తుడిచి, ఆరబెట్టి, ఉప్పు వెయ్యకుండా కలపండి. కారం, ఆవపిండి, నూనె మొదట వేసినదాంట్లో మూడో వంతు వేసుకోండి. మూడు రోజులాగి రుచి చూడండి.

దీని వెనక లెక్క ఇది. అమ్మ వాడే గ్లాసులో కచ్చాపచ్చాగా దంచిన కల్లుప్పు పోసి తూచాను, 180 గ్రాములు వచ్చింది. అదే గ్లాసులో ప్యాకెట్ ఉప్పు 240. కల్లుప్పు గింజల మధ్య ఖాళీలుంటాయి, మెత్తటిది సందు లేకుండా కూరుకుపోతుంది. రెండున్నర గ్లాసులంటే మాకు 450 గ్రాములు, ప్యాకెట్ ఉప్పు వేసినవాళ్లకు 600. నూటయాభై గ్రాములు ఎక్కువ. కలిసిపోయిన ఉప్పును బయటికి తియ్యలేం కాబట్టి, ఆ 600 గ్రాములకు సరిపడా ముక్కలు పెంచాలి. 450కి 2 కిలోలైతే 600కి దాదాపు 2 కిలోల 670 గ్రాములు. అక్కడి నుంచి వచ్చింది ఆ 650–700.

నేను మొదట రాసిన ప్రతిలో ఈ లెక్కంతా ఉంది, కల్లుప్పు, మెత్తటి ఉప్పు తేడాల మీద ఒక పేరా పాఠం కూడా ఉంది. అమ్మ చదివి, ‘పచ్చడి ఉప్పైపోయి ఏడుస్తున్నదానికి ఇదంతా ఎందుకే, ఏం కలపాలో చెప్పు’ అంది. కొట్టేశాను. రెండో పేరా వచ్చింది అలాగే. తిట్టినవాళ్లు తిరిగొచ్చి మెత్తబడింది కూడా ఆ పేరాకే, మొదటిదానికి కాదు.

దొడ్డుప్పు అన్న మాట కూడా తర్వాత చేర్చిందే. కల్లుప్పంటే ఏంటని తెలంగాణ వైపు నుంచి ఇద్దరు అడిగారు. వస్తువు పేరు దగ్గర రెండు వైపులా వాడే మాటలు రాసెయ్యడం మంచిది, లేకపోతే సవరణకు మళ్లీ సవరణ కావాల్సి వస్తుంది.

‘ఎవరినైనా నొప్పించి ఉంటే క్షమించండి’ అని రాస్తే తప్పేంటి?

ఆ ‘ఉంటే’ ఒక్కటే తప్పు. నొచ్చుకున్నామని నలభై మంది చెప్పాక ‘నొప్పించి ఉంటే’ అంటే, మీరు నిజంగా నొచ్చుకున్నారో లేదో మాకు అనుమానమే అన్నట్టు ఉంటుంది. సినిమా వాళ్లూ, రాజకీయ నాయకులూ వాడి వాడి ఆ మాటలో ఉప్పూ కారం పోయాయి. చదవగానే తప్పు ఒప్పుకోలేదని అర్థమైపోతుంది.

‘కల్లుప్పని చెప్పడం మర్చిపోయాం, తప్పు మాదే’ అంటే చాలు. తప్పు పేరు పెట్టి చెప్పాక క్షమించమని మళ్లీ మళ్లీ అడగక్కర్లేదు. అలాగే ‘అయినా మీరు కూడా కొంచెం చూసుకుని వెయ్యాల్సింది’ అని చివర్లో తోక తగిలించకండి. నిజమే అయినా వద్దు.

తప్పు నాది కాకపోతే? వాళ్లే సరిగా వినకుండా తిడుతున్నారు.

ముందు ఆ ముక్కను ఇంట్లో ఎవరికైనా, వంట తెలియనివాళ్లకు వినిపించి ఏం అర్థమైందో అడగండి. మా ఆవకాయ వీడియోలో ఉప్పు డబ్బా కెమెరాకు కనిపిస్తూనే ఉంది, గళ్లు గళ్లుగా. చూస్తే తెలియదా అనుకున్నాను. మా బాబాయి కూతురికి చూపిస్తే ‘ఉప్పే కదా అక్కా’ అంది. బెంగళూరులో ఉండే అమ్మాయి, ఇంట్లో ప్యాకెట్ ఉప్పు తప్ప ఇంకోటి ఉండదు.

నిజంగానే స్పష్టంగా చెప్పి ఉంటే, ‘6:40 దగ్గర కల్లుప్పు అని చెప్పాం, చాలామందికి వినపడలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాం’ అనండి. అంతకు మించి వాదన వద్దు.

కొలత తప్పు కాదు, పద్ధతి మీద గొడవ. దానికీ పిన్ కావాలా?

చాలావరకు అక్కర్లేదు. అదే వీడియో కింద వెల్లుల్లి గురించి పెద్ద యుద్ధమే జరిగింది. ఆవకాయలో వెల్లుల్లి వెయ్యడమేంటని కొందరు, వెయ్యకపోతే అది ఆవకాయే కాదని కొందరు. ఏ ఇంటి అలవాటు ఆ ఇంటిది. దానికి వివరణ పిన్ చేస్తే ఒక పక్షాన నిలబడినట్టవుతుంది, పైగా ఉప్పు సంగతి చెప్పాల్సిన చోటు పోతుంది.

‘అసలైన’, ‘సంప్రదాయ’ అని టైటిల్‌లో రాసి ఉంటే మాత్రం గొడవకు తలుపు మీరే తీశారు. టైటిల్‌లో ‘మా ఇంటి ఆవకాయ’ అని మార్చండి. కామెంట్ అవసరం కూడా ఉండదు.

## పిన్ చేసేటప్పుడు

పిన్ ఎలా చెయ్యాలి? ఎన్ని పెట్టొచ్చు?

యూట్యూబ్‌లో మీ ఛానల్ నుంచి కామెంట్ రాసి, పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే Pin అని వస్తుంది. వీడియోకు ఒక్కటే. ఇంకోటి పిన్ చేస్తే పాతది మామూలు కామెంట్లలో కలిసిపోతుంది. చాలామందికి దెబ్బ తగిలేది ఇక్కడే: వివరణ పిన్ చేసి, వారం తర్వాత ‘కొత్త వీడియో చూడండి’ అని ఇంకోటి పిన్ చేస్తారు, అప్పుడు వివరణ ఎక్కడికో పోతుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో మూడు వరకు కుదురుతాయి. కానీ వివరణ విషయంలో ఒక్కటే నయం, మూడుంటే ఏది ఆఖరు మాటో తెలియదు.

మా గ్రూపులో ఒకావిడ కంగారులో తన సొంత అకౌంట్ నుంచి వివరణ రాసింది. ఛానల్ పేరు ఒకటి, ఆవిడ పేరు ఒకటి. ‘మధ్యలో ఈవిడెవరు’ అని ఆవిడను కూడా తిట్టారు. పంపే ముందు ఏ అకౌంట్‌లో ఉన్నారో ఒకసారి చూసుకోండి.

బాగా తిట్టినవాళ్ల కామెంట్‌నే పిన్ చేసి, దాని కింద జవాబిస్తే?

ఆ మనిషిని తీసుకెళ్లి సెంటర్‌లో నిలబెట్టినట్టవుతుంది. మీ అభిమానులు వెళ్లి అతని మీద పడతారు, ఆపడం మీ చేతిలో ఉండదు. పైగా పై వరుసలో కనిపించేది అతని తిట్టు, మీ జవాబు మడతలో. మీ సొంత మాటే పిన్ చేసుకోండి.

తర్వాత ఇంకో సంగతి తేలింది. కొత్త కామెంట్ రాయాలా, ఉన్నదే మార్చాలా?

ఉన్నదే మార్చండి. పాతది తీసేసి కొత్తది పెడితే దాని కింద జనం అడిగిన ప్రశ్నలు, మీరిచ్చిన జవాబులు అన్నీ దాంతో పాటే పోతాయి. అప్పుడు ‘జవాబులు కూడా డిలీట్ చేశారు’ అన్న కొత్త గొడవ.

మా కామెంట్‌లో మొదట గ్లాసుల లెక్కే ఉండేది. ‘మీ గ్లాసు ఎంతండీ, మాది పెద్దది’ అని రెండు రోజుల్లో ఆరుగురు అడిగారు. అప్పుడు 450 గ్రాములన్న తూకం చేర్చి, కింద తేదీ వేసి ‘తూకం చేర్చాం’ అని ఒక లైను రాశాం. మారిస్తే యూట్యూబ్ edited అని చూపిస్తుంది కానీ ఏం మార్చారో చూపించదు. అందుకే మీరే చెప్పాలి. మార్చాక పేజీ మళ్లీ తెరిచి పిన్ అలాగే ఉందో లేదో చూసుకోండి.

## పిన్ చేశాక

పిన్ చేశాక కూడా తిడుతూనే ఉన్నారేంటి?

చదవకుండా రాసేవాళ్లు కొందరు. చదివే వీలే లేనివాళ్లు ఇంకా ఎక్కువ మంది. టీవీలో పెట్టుకుని వంట చేసేవాళ్లు సాధారణంగా కామెంట్లు తెరవరు. వాట్సాప్‌లో వచ్చిన ముక్క చూసినవాళ్లకు కామెంట్లే ఉండవు. కాబట్టి కామెంట్ ఒక్కటే అన్నీ మోస్తుందనుకోకండి. మేము టైటిల్ చివర ‘ఉప్పు కొలత సవరణ’ అని చేర్చాం, డిస్క్రిప్షన్ మొదటి లైను కూడా అదే.

పని చేస్తోందో లేదో తిట్లు లెక్కపెట్టి తేల్చలేరు, వాటి రకం చూడండి. మాకు మొదట్లో వచ్చినవి ‘ఉప్పు కషాయం’ లాంటివి. నాలుగైదు రోజులయ్యాక ‘ముక్కలు ఎంత సైజు కొట్టించాలి’, ‘అరకిలో ముక్కలు కలిపాను, ఇంకా కొంచెం ఉప్పగానే ఉంది’ అని రావడం మొదలైంది. కోపం ఇంకా ఉంది, కానీ వివరణ చదివి, చేసి, తర్వాత వచ్చిన కోపం అది.

కింద అందరికీ జవాబివ్వాలా?

ప్రశ్నకు ఇవ్వండి. తిట్టుకు వద్దు. తిట్టులో ప్రశ్న ఉంటే ప్రశ్నకు మాత్రమే ఇవ్వండి. విడిగా ఎక్కడో అడిగినవాళ్లకు ‘పైన పిన్ చేసి ఉంది చూడండి’ అని విసుగ్గా రాయకండి, ఆ ఒక్క కొలతా అక్కడే మళ్లీ రాసెయ్యండి. పిన్ చేసిన దాంట్లో ఉన్న అంకెలే, ఒక్కటి కూడా మారకుండా.

బూతులు తిట్టేవాళ్ల కామెంట్లు తీసెయ్యొచ్చా?

బూతులు, ఇంట్లోవాళ్ల మీద మాటలు, కులం పేరెత్తినవి నిస్సంకోచంగా తీసెయ్యండి. ‘మీ వల్ల రెండు వేల రూపాయల సరుకు పాడైంది’ అన్నది ఎంత కటువుగా ఉన్నా ఉంచండి. అది ఫిర్యాదు, అది తీస్తే మీ వివరణను కూడా ఎవరూ నమ్మరు.

యూట్యూబ్ స్టూడియోలో కొన్ని మాటలు పెడితే అవి ఉన్న కామెంట్లు బయటికి రాకుండా ఆగుతాయి. మన తిట్లతో చిక్కేంటంటే, ఒక్కో తిట్టు తెలుగు లిపిలో ఒకటి, ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగైదు రకాలు. అన్నీ ఎక్కించాలి. నేను ఆ జాబితా టైపు చేస్తుంటే అమ్మ వచ్చి వెనక నిలబడింది, ఆ సంగతి వదిలేద్దాం. ఒక జాగ్రత్త: జాబితాలో ‘ఉప్పు’ లాంటి మాటలు పెట్టకండి. గొడవ ఆపాలని ఒకరు అదే చేశారు, సందేహం అడిగినవాళ్ల కామెంట్లూ ఆగిపోయాయి.

కామెంట్లే మూసేస్తే?

పూర్తిగా మూసేస్తే మీ వివరణ కూడా కనిపించదు. యూట్యూబ్‌లో కొత్తవి మాత్రమే ఆపి పాతవి ఉంచే వీలుంది. రాత్రి నిద్రపోవడానికి అది వాడుకోండి, పొద్దున్నే తెరవండి.

గొడవ సద్దుమణిగింది. ఇక తీసెయ్యొచ్చా?

తప్పు మాట వీడియోలో ఉన్నన్నాళ్లూ ఉంచాల్సిందే. వార్త లాంటి పోస్టయితే కొన్నాళ్లకు ఎవరూ చూడరు. ఆవకాయ అలా కాదు, ప్రతి ఏప్రిల్‌లో కాయ రాగానే ఆ వీడియో మళ్లీ లేస్తుంది. మేము మరుసటి ఏడు తక్కెడ పెట్టి తూకాలతో కొత్త వీడియో తీశాం. పాత కామెంట్ తీసెయ్యలేదు, దాని చివర కొత్త వీడియో లింకు చేర్చాం.

మొన్న మే నెలలో కూడా ఒకావిడ దాని కింద, ‘మా అత్తగారి గ్లాసు ఇత్తడిది, సన్నగా పొడుగ్గా ఉంటుంది, ఎన్ని వెయ్యమంటారు’ అని అడిగారు. 450 గ్రాములండీ, ఒకసారి కిరాణా కొట్లో తూయించుకుని ఆ గ్లాసు మీద గీత పెట్టుకోండి అని రాశాను.